ఎయిర్‌వే బిల్లులో ఎన్‌వీడీ అని ఉంటే నాన్నకు ఎంత వస్తుంది?

ప్రశ్న: మా నాన్న పోచంపల్లి ఇక్కత్ పట్టు స్టోల్స్ జర్మనీకి పంపుతారు. ఈసారి మూడు కార్టన్లు, సీఐపీ ఫ్రాంక్‌ఫర్ట్, అంటే అక్కడిదాకా కిరాయి, ఇన్సూరెన్స్ మావే, ఇన్‌వాయిస్ మన డబ్బుల్లో 15 లక్షలు. 4వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాయి, 6న న్యూరెంబర్గ్‌లోని బయ్యర్‌కి చేరాయి. ఒక కార్టన్ తడిసి ఉందని ఆయన ఫొటోలు పంపాడు. ఎయిర్‌వే బిల్లులో ఒకచోట ఎన్‌వీడీ అనీ, పక్కనే 15 లక్షల అంకె, ఇన్సూరెన్స్ గడిలో మూడు ఎక్స్‌లూ ఉన్నాయి. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వేరే ఉంది, 16,50,000కి. కార్గో ఏజెంటేమో కిలోకి ఇంతే వస్తుందంటున్నాడు, నాన్నేమో ఇన్సూరెన్స్ ఉంది కదా మొత్తం వస్తుందంటున్నారు. నాన్నకు ఇంగ్లీషు రాదు. నేను బీకామ్ చదువుతున్నా, చదవగలుగుతున్నా గానీ అర్థం కావట్లేదు. ఆయనకు ఎలా చెప్పాలి? కాపీలు జత చేశాను.
– నాగోల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఏజెంటు చెప్పింది తప్పు కాదు, నాన్నగారు చెప్పిందీ పూర్తిగా తప్పు కాదు. ఇద్దరూ వేర్వేరు కాగితాల గురించి మాట్లాడుకుంటూ ఒకే కాగితం అనుకుని పోట్లాడుతున్నారు. ఏజెంటు చెప్పేది ఎయిర్‌లైన్ ఎంతవరకు బాధ్యత పడుతుందో ఆ లెక్క, అది ఎయిర్‌వే బిల్లులో ఉంటుంది. నాన్నగారు చెప్పేది ఇన్సూరెన్స్ కంపెనీ ఎంత ఇస్తుందో ఆ లెక్క, అది సర్టిఫికెట్‌లో ఉంటుంది. ముందు ఈ రెండు కాగితాలనూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, "నాన్నా, ఇది మోసేవాడి కాగితం, ఇది పూచీ పడ్డవాడి కాగితం" అని చెప్పండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఎయిర్‌వే బిల్లుతో మొదలుపెడదాం. మధ్యలో అడ్డంగా ఒక వరుసలో చిన్న చిన్న గడులుంటాయి, అందరూ పొరబడేది వాటి దగ్గరే. డిక్లేర్డ్ వాల్యూ ఫర్ క్యారేజ్ అనే గడిలో మీ బిల్లులో ఎన్‌వీడీ అని ఉంది, అంటే నో వాల్యూ డిక్లేర్డ్. "ఈ సరుకు విలువ ఎంతో నేను మీకు చెప్పడం లేదు, మామూలు పరిమితికే ఒప్పుకుంటున్నా" అని ఎయిర్‌లైన్‌కి నాన్నగారి తరఫున ఏజెంటు రాసి ఇచ్చాడన్నమాట. దాని పక్కన డిక్లేర్డ్ వాల్యూ ఫర్ కస్టమ్స్ అనే గడిలో 15 లక్షల అంకె ఉంది. అది కస్టమ్స్ వాళ్ల కోసం రాసింది. ఎయిర్‌లైన్‌కి దానితో సంబంధం లేదు, పరిమితి ఆ అంకెను బట్టి ఒక్క రూపాయి కూడా పెరగదు. వాటి కింది వరుసలో ఉన్న గడి అమౌంట్ ఆఫ్ ఇన్సూరెన్స్, అందులో మూడు ఎక్స్‌లు. ఎయిర్‌లైన్ ద్వారా ఇన్సూరెన్స్ తీసుకోలేదని దాని అర్థం. మీరు బయట వేరే కంపెనీ దగ్గర తీసుకున్నారు కాబట్టి అందులో కంగారుపడాల్సింది ఏమీ లేదు.

బేగంపేట నుంచి విమానాలు వెళ్లే రోజుల నుంచి నేను ఈ కాగితాలే చూస్తున్నాను. కస్టమ్స్ గడిలోని అంకె చూసుకుని "సార్, బిల్లు మీదే 22 లక్షలు రాసి ఉంది కదా" అని నాతో వాదించిన ల్యాబ్ పరికరాల వ్యాపారి ఒకాయన ఉన్నారు. ఆయనకు వేరే ఇన్సూరెన్స్ లేదు. ఒక పెట్టె కిందపడి అద్దం పగిలింది, చివరికి కిలోల లెక్కన వచ్చింది తీసుకుని వెళ్లిపోయారు. ఆ బిల్లు నింపిన ఏజెంటు ఆఫీసులో ఒక్కరు కూడా ఆయనకు ఆ రెండు గడుల తేడా చెప్పలేదు. నేనూ అప్పట్లో అక్కడే కూర్చునేవాణ్ని, నేనూ చెప్పలేదు, అది నా తప్పే.

ఇక ఆ కిలోల లెక్క. బిల్లు వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది ఇదే. అంతర్జాతీయ విమాన రవాణాకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది, ఇండియా అందులో 2009 నుంచి ఉంది, జర్మనీ కూడా ఉంది. సరుకు పోయినా, చెడినా, ఆలస్యమైనా ఎయిర్‌లైన్ కిలోకి ఇంతకు మించి ఇవ్వక్కర్లేదని అందులో ఒక పరిమితి పెట్టారు. ఆ పరిమితి మొదట 17 ఎస్‌డీఆర్, 2009 చివర్లో 19, 2019 చివర్లో 22 అయింది, 2024 డిసెంబర్ 28 నుంచి 26 ఎస్‌డీఆర్. పాత ఫారాలు వాడేవాళ్ల బిల్లుల వెనక ఇంకా 19 అనో 22 అనో కనిపిస్తే ఖంగు తినకండి, అది పాత అచ్చు. ఎస్‌డీఆర్ అంటే జేబులో పెట్టుకునే నోటు కాదు. డాలర్, యూరో, చైనా యువాన్, జపాన్ యెన్, పౌండ్ కలిపి అంతర్జాతీయ ద్రవ్య నిధి రోజూ విలువ కట్టే ఒక లెక్కల డబ్బు అది. రోజురోజుకీ మారుతుంది కాబట్టి అప్పటి రేటు చూసుకోవాలి. ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక ఎస్‌డీఆర్‌ని 120 రూపాయలు అనుకుంటాను.

మీ బిల్లులో గ్రాస్ వెయిట్ 76 కిలోలు, చార్జబుల్ వెయిట్ 108 కిలోలు. ఈ రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. కార్టన్ ఒక్కోటి 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. మూడూ గుణించి 6000తో భాగిస్తే 36 వస్తుంది. అంటే పెట్టె తేలిగ్గా ఉన్నా చోటు ఎక్కువ తింటోంది కాబట్టి ఎయిర్‌లైన్ ఒక్కోదాన్ని 36 కిలోలుగా లెక్కగట్టి కిరాయి తీసుకుంది, మూడింటికి 108. కిరాయికి 108 కిలోలు, నష్టానికి మాత్రం అసలు బరువు. ఇది కొంచెం మండే విషయమే, కాని మీ రూటుకి నియమం అంతే. అమెరికాకి వెళ్లే, అక్కడి నుంచి వచ్చే సరుకుకు చాలా బిల్లుల వెనక ఇంకో షరతు ఉంటుంది, అక్కడ కిరాయి వేసిన బరువే నష్టానికి కూడా లెక్క. రేపు నాన్నగారికి న్యూయార్క్ ఆర్డర్ వస్తే అప్పుడు చూసుకోండి.

పైగా మూడు కార్టన్ల బరువూ తీసుకోరు, దెబ్బతిన్న దాని బరువే తీసుకుంటారు. మీ ప్యాకింగ్ లిస్టులో తడిసిన కార్టన్ 25 కిలోలు. 25ని 26తో గుణిస్తే 650 ఎస్‌డీఆర్, మన లెక్కన 78,000 రూపాయలు. ఆ కార్టన్‌లో ఉన్నవి 100 స్టోల్స్, ఒక్కోటి 5,000, మొత్తం 5 లక్షలు. అంటే డబ్బా మొత్తం గల్లంతైపోయినా ఎయిర్‌లైన్ నుంచి 78,000 దాటదు. ఇంకోమాట, అది గరిష్ఠం మాత్రమే, ఖాయంగా వచ్చే డబ్బు కాదు. నష్టం 40,000 అని తేలితే 40,000 ఇస్తారు, అంతే. నాన్నగారికి నేనైతే ఇలా చెప్తా: పాత సామాన్ల బండివాడు కాటా వేసినట్టు ఎయిర్‌లైన్ కూడా తూచే ఇస్తుంది, వాళ్ల కాటాకి ఇక్కత్ చిలకలూ తెలియవు, నూలు స్టోలా పట్టు స్టోలా అన్నదీ తెలియదు. ఇనుప నట్లు పంపేవాడికి కిలోకి మూడువేల చిల్లర చాలు, వాడికి అసలు ఇన్సూరెన్స్ గురించి బెంగే ఉండదు. పట్టు పంపేవాడికి కిలో సరుకు 20,000, అందుకే మీకే ఈ తేడా నొప్పి పుట్టిస్తోంది.

మరి ఎన్‌వీడీ బదులు ఆ గడిలో 15 లక్షలు రాయించి ఉంటే? పరిమితి 15 లక్షలకు పెరిగేది. దానికి పరిమితి దాటిన మొత్తం మీద వాల్యుయేషన్ చార్జ్ అని ఎయిర్‌లైన్ ఎక్స్‌ట్రా వసూలు చేస్తుంది, మామూలుగా అది ఇన్సూరెన్స్ ప్రీమియం కంటే ఖరీదు పడుతుంది. పైగా అది ఎయిర్‌లైన్ బాధ్యతను పెంచుతుందే గాని ఇన్సూరెన్స్ కాదు. ప్యాకింగ్ సరిగ్గా లేకనో, సరుకులోనే ఉన్న లోపం వల్లనో పాడైందని వాళ్లు రుజువు చేస్తే ఎంత రాయించినా ఏమీ రాదు. అందుకే పట్టు, ముత్యాలు, చిన్న పరికరాల్లాంటివి పంపేవాళ్లు చాలామంది అక్కడ ఎన్‌వీడీయే ఉంచి బయట ఇన్సూరెన్స్ తీసుకుంటారు. ఆ విషయంలో మీ ఏజెంటుని తిట్టకండి, చెప్పకుండా రాసినందుకు తిట్టొచ్చు.

ఇప్పుడు రెండో కాగితం. సర్టిఫికెట్‌లో నాన్నగారు పెద్ద అంకె ఒక్కటే చూశారు, సమ్ ఇన్‌సూర్డ్ 16,50,000. అది ఇన్‌వాయిస్ 15 లక్షలకి పది శాతం కలిపిన మొత్తం, సీఐపీలో కనీసం అంత చేయించాలి. ఈ అంకె సరిగ్గానే ఉంది. ప్రీమియం కొంచెం తగ్గుతుందని కొందరు దీన్ని సగానికి రాయించుకుంటారు, అప్పుడు నష్టం వచ్చినప్పుడు వచ్చేది కూడా సగమే. మీ నాన్నగారు అలా చేయలేదు, సంతోషం.

సర్టిఫికెట్‌లో లిమిట్ పర్ సెండింగ్ 20 లక్షలు అని ఇంకో లైను ఉంది. నాన్నగారి దగ్గర ఏడాదికి తీసుకున్న ఓపెన్ పాలసీ ఉన్నట్టుంది, ప్రతి కన్‌సైన్‌మెంటుకూ దాని కింద ఇలా ఒక సర్టిఫికెట్ ఇస్తారు. ఒక్కసారి పంపే సరుకు 20 లక్షలు దాటకూడదని ఆ లైను అర్థం. ఈసారి 16.5 కాబట్టి ఇబ్బంది లేదు. దీపావళి ముందు 30 లక్షల సరుకు ఒకే బిల్లు మీద పంపారనుకోండి, ముందుగా కంపెనీకి చెప్పి పరిమితి పెంచుకోకపోతే 20కి పైన ఉన్నదానికి పూచీ ఉండదు. చెప్పడం కూడా విమానం ఎక్కకముందే చెప్పాలి.

దాని కింద కవర్ అనే చోట ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ ఎయిర్, 2009 అని ఉంది. ఇది మంచి కవరే. పలానా ప్రమాదమైతేనే ఇస్తాం అని లిస్టు ఇవ్వదు, అనుకోకుండా జరిగిన నష్టాలన్నిటికీ వర్తిస్తుంది, మినహాయింపులు మాత్రం విడిగా రాస్తుంది. విమానం దగ్గర ట్రాలీ మీద ఉండగా వాన పడి తడిసినా ఇందులోకి వస్తుంది. "ఆల్ రిస్క్స్" అని ఏజెంట్లు చెప్పేది దీన్నే, ఆ మాట విని అన్నీ వస్తాయనుకోవడం మాత్రం పొరపాటు. ఆలస్యం వల్ల కలిగిన నష్టం రాదు. ఫెయిర్ అయిపోయాక సరుకు చేరి బయ్యర్ వద్దన్నాడంటే, స్టోల్స్ కొత్తగా నిగనిగలాడుతున్నా సరే, ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. సరుకు స్వభావం వల్ల అదే చెడినా రాదు. ప్యాకింగ్ సరిపోకపోతే రాదు.

మీ కేసులో అసలు పరీక్ష ఈ ప్యాకింగ్ దగ్గరే జరుగుతుంది. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి ముందు చూసేది నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చాయని. అట్టపెట్టె బయటి వైపు నీటి మరక ఉండి, ఆ మరక లోపలికి పోయే కొద్దీ తగ్గుతూ, మూల దగ్గరి స్టోల్స్ ఎక్కువ, మధ్యలోవి తక్కువ తడిసి ఉంటే బయటి నీళ్లని తేలుతుంది. అట్టపెట్టె బయట శుభ్రంగా ఉండి లోపల మాత్రం చెమ్మ, బూజు వాసన ఉంటే, మగ్గం మీద నుంచి దింపి అద్దకం ఆరకముందే మడతపెట్టారనో, లోపలి గాలిలో తేమ చల్లబడి దిగిందనో అంటారు, అప్పుడు సరుకు స్వభావం, ప్యాకింగ్ అనే మినహాయింపులు బయటికి వస్తాయి. బయ్యర్ పంపిన ఫొటోల్లో పెట్టె కింది మూల ముదురు రంగులోకి మారి అట్ట ఉబ్బి ఉంది, అది మీకు అనుకూలమే. కాని లోపల పాలిథిన్ కవరు ఉందా లేదా ఆ ఫొటోల్లో తెలియడం లేదు. పెద్ద పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి మడిచి టేపు వేసి, ఆపైన కార్టన్ మూసి ఉంటే చాలా బలం. సరుకు కట్టేటప్పుడు గోడౌన్‌లో ఎవరైనా ఫోనులో ఫొటో తీశారేమో అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో వెతికితే ఒకటి రెండు దొరుకుతాయి. ఇంక ఆ పెట్టెనీ, లోపలి కవర్లనీ సర్వేయర్ చూసేదాకా పారేయొద్దని బయ్యర్‌కి ఇవాళే చెప్పండి. జర్మన్లు అట్టపెట్టెల్ని రీసైక్లింగ్ డబ్బాలో వేయడంలో మహా చురుకు.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టిన లైను ఇంకోటి. సర్టిఫికెట్‌లో ప్రయాణం అన్నచోట ఫ్రమ్ హైదరాబాద్ టు ఫ్రాంక్‌ఫర్ట్ అని ఉంది. ఆ రెండు ఊళ్ల పేర్లతోనే కవర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేలుతుంది. పోచంపల్లి గోడౌన్ నుంచి నగరానికి వ్యాన్‌లో వచ్చిన దారి ఇందులో లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి న్యూరెంబర్గ్‌కి ట్రక్కులో వెళ్లిన దారీ లేదు. ఎయిర్‌వే బిల్లు కూడా ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంతోనే అయిపోతుంది, ఆ ట్రక్కును బయ్యరే మాట్లాడుకున్నాడు కాబట్టి అక్కడ జరిగినదానికి ఎయిర్‌లైన్‌కి బాధ్యత లేదు. సరుకు 4న దిగింది, 6న చేరింది. తడిసింది ఆ మధ్య ట్రక్కులో అయితే మీ రెండు కాగితాల్లో ఏదీ పలకదు, బయ్యర్ ఆ ట్రక్కువాణ్ని పట్టుకోవాల్సిందే.

అందుకే ఇప్పుడు అన్నిటికన్నా విలువైన కాగితం ఇంకోటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ కార్గో షెడ్‌లో సరుకు తీసుకుంటూ ట్రక్కు డ్రైవరు సంతకం చేసిన డెలివరీ రసీదు అది. అందులో ఒక కార్టన్ తడిగా ఉందని రాసి ఉంటే కథ దాదాపు తేలిపోయినట్టే, తడిసింది ఎయిర్‌లైన్ చేతిలో ఉండగానే. ఏమీ రాయకుండా సంతకం పెట్టి తీసుకుంటే, సరుకు బాగానే అందిందని ప్రాథమికంగా అనుకుంటారు, కాదని నిరూపించే భారం మన మీద పడుతుంది. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. 4, 5 తేదీల్లో అక్కడ వాన పడిందా, ట్రక్కు మూసిన బండా, టార్పాలిన్ బండా, హైదరాబాద్‌లో సరుకు ఎక్కించిన రాత్రి శంషాబాద్‌లో వాన ఉందా, ఇవన్నీ సర్వేయర్ అడుగుతాడు. వీటికి జవాబులు ముందే పోగు చేసి పెట్టుకోండి.

ఎంత వస్తుందో లెక్క చూద్దాం. తడిసింది విమానాశ్రయంలోనే అని తేలిందనుకుందాం. 100 స్టోల్స్‌లో 40 ఆరబెడితే బాగున్నాయి, 60కి రంగు దిగి మరకలు పడ్డాయి. వాటిని కూడా పూర్తిగా పారేయరు, తక్కువ ధరకి అమ్మితే ఎంత వస్తుందో సర్వేయర్ అంచనా వేస్తాడు. విలువలో 60 శాతం పోయిందని ఆయనా బయ్యరూ ఒప్పుకున్నారనుకోండి. ఒక్కో స్టోల్ ఇన్‌సూర్డ్ విలువ పది శాతం కలిపి 5,500, 60 స్టోల్స్‌కి 3,30,000, అందులో 60 శాతం 1,98,000. ఇందులోంచి ఎక్సెస్, అంటే నష్టంలో మనమే భరించాల్సిన వాటా, పోతుంది. మీ సర్టిఫికెట్‌లో ఎక్సెస్ 0.5 శాతం అని ఉంది, కాని దేని మీద 0.5 అన్నది చదవాలి. క్లెయిమ్ మీద అయితే 990 రూపాయలే, మీదాంట్లో కన్‌సైన్‌మెంట్ సమ్ ఇన్‌సూర్డ్ మీద అని ఉంది, కాబట్టి 16,50,000లో అర శాతం 8,250. చివరికి వచ్చేది 1,89,750. నాన్నగారు మనసులో అనుకుంటున్న 16.5 లక్షలూ కాదు, పెట్టె విలువ 5 లక్షలూ కాదు, ఏజెంటు భయపెట్టిన 78,000 కూడా కాదు.

ఆ 1,89,750తో పాటు ఎయిర్‌లైన్ నుంచి 78,000 కూడా వస్తుందా అని నాన్నగారు అడగొచ్చు, వ్యాపారస్తులు అందరూ అడుగుతారు. రాదు. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇచ్చాక, ఎయిర్‌లైన్‌ని అడిగే హక్కు ఆ కంపెనీ చేతికి వెళ్తుంది, ఆ 78,000 వాళ్లు రాబట్టుకుంటారు. అందుకనే వాళ్లకా హక్కు చెడగొట్టకుండా కాపాడి ఇవ్వాల్సిన బాధ్యత మీ మీద ఉందని సర్టిఫికెట్ మీద లావు అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. ఎయిర్‌లైన్‌కి గడువులోగా నోటీసు ఇవ్వకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్‌లో కోత పెట్టడానికి దారి దొరుకుతుంది.

ఇంకోటి, ఇది కొంచెం ఇబ్బందికరమైనది, నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. సీఐపీలో సరుకును ఇక్కడ మొదటి రవాణాదారుకి అప్పగించగానే నష్టభయం బయ్యర్‌ది అవుతుంది. ఇన్సూరెన్స్ చేయించి, ప్రీమియం కట్టేది అమ్మేవాడే అయినా దాని ఫలం కొనేవాడికి. కాబట్టి లెక్క ప్రకారం బయ్యర్ ఇన్‌వాయిస్ మొత్తం కట్టాలి, క్లెయిమ్ డబ్బు ఆయన తీసుకోవాలి. నిజ జీవితంలో జరిగేది ఏమిటంటే, బయ్యర్ తడిసిన పెట్టె డబ్బు ఆపేసుకుని "మీరు మీ ఇన్సూరెన్స్ చూసుకోండి" అంటాడు, మనవాళ్లు మొహమాటపడి సరే అంటారు, తర్వాత క్లెయిమ్ ఎవరు వేయాలో తెలియక నెలలు పోతాయి. సర్టిఫికెట్ వెనక నాన్నగారి సంతకం, స్టాంపు ఉన్నాయా చూడండి. మీరు పంపిన కాపీలో వెనక పేజీ లేదు. ఎండార్స్ చేసి బయ్యర్‌కి పంపి ఉంటే, సర్టిఫికెట్ మీద క్లెయిమ్స్ పేయబుల్ ఎట్ అన్నచోట ఫ్రాంక్‌ఫర్ట్ అని ఉంది కాబట్టి, కింద పేరున్న సర్వే ఏజెంటును బయ్యరే అక్కడ పిలుచుకుని క్లెయిమ్ వేయొచ్చు. డబ్బు ఆయన ఇప్పటికే ఆపేసుకుని ఉంటే ఎవరు క్లెయిమ్ వేస్తున్నారో ఇద్దరూ ఒక మెయిల్‌లో స్పష్టంగా రాసుకుని, ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పండి.

చివరగా తేదీలు. తడిసిన సరుకు విషయంలో ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి, సరుకు తీసుకున్న రోజు నుంచి 14 రోజులు గడువు. ఆలస్యానికి అయితే 21 రోజులు, అది మీకు అక్కర్లేదు. సర్టిఫికెట్ మీద మూడు రోజులు అని ఒక లైను కనిపించి ఉంటుంది, అది ఎక్కువగా ఓడ రవాణాని దృష్టిలో పెట్టుకుని రాసిన పాత వాక్యం, దాన్ని చూసి గడువు అయిపోయిందని వదిలేయకండి. అలాగే 14 రోజుల్ని 6 నుంచి లెక్కపెట్టకండి. ఎయిర్‌లైన్ చేతి నుంచి ట్రక్కు ఎత్తుకున్న రోజు నుంచి లెక్క, అది 4 అయ్యుండొచ్చు, కాబట్టి 18లోపు వెళ్లిపోవాలి. రాయాల్సింది సరుకు అందుకున్న బయ్యర్, మీ నాన్నగారు కాదు. మీ దగ్గరున్నది ఏజెంటు ఇచ్చిన హౌస్ ఎయిర్‌వే బిల్లు, అందుకే దాని నంబరు ఏజెంటు సొంత పద్ధతిలో ఉంది. ఎయిర్‌లైన్ మాస్టర్ బిల్లు నంబరు మొదట మూడంకెలు, తర్వాత ఎనిమిది అంకెలు ఉంటుంది, అది ఏజెంటుని అడిగి తీసుకోండి. ఫిర్యాదులో రెండు నంబర్లూ వేసి, మూడు కార్టన్లలో ఫలానాది తడిసిందని, నష్టానికి మిమ్మల్ని బాధ్యులుగా పరిగణిస్తున్నామని రెండు మూడు వాక్యాలు రాసి, ఫొటోలు పెట్టి, ఎయిర్‌లైన్‌కీ ఏజెంటుకీ ఒకేసారి మెయిల్ చేయమనండి. నష్టం ఎంతో అప్పుడే తేల్చి రాయక్కర్లేదు, అది సర్వే తర్వాత రాయొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం బయ్యర్ కోసం ఆగకుండా నాన్నగారే ఇవాళ మెయిల్ పెట్టొచ్చు, పాలసీ ఆయన పేరు మీదే ఉంది.

బయ్యర్‌కి ఫోన్ చేసినప్పుడు ఆ డ్రైవరు రసీదు ఫొటో కూడా అడగండి, అది వచ్చాక నాకు పంపితే మిగతాది చూద్దాం. తర్వాతి సరుకుకి సర్టిఫికెట్ రాయించేటప్పుడు హైదరాబాద్ బదులు పోచంపల్లి గోడౌన్, ఫ్రాంక్‌ఫర్ట్ బదులు న్యూరెంబర్గ్‌లో బయ్యర్ గోడౌన్ అని వేయించుకోమని నాన్నగారికి చెప్పండి, అలా వేస్తారా, ప్రీమియం ఏమైనా పెరుగుతుందా అన్నది కంపెనీ వాళ్లని ముందే అడిగితే ఒక్క ఫోన్‌లో చెప్పేస్తారు.